పాత దినచర్య పుటలలో దాగిన కవిత
(ప్లాటినం జూబిలీ సందర్భంగా పూర్వ విద్యార్థుల సమావేశంలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఉత్సవ సంచికకు ఏదైనా వ్రాసి పంపండని మేము కోరినప్పుడు చాలామంది పూర్వ విద్యార్థులు ఒకే విధంగా సమాధానమిచ్చారు. "మాకు కవిత్వం రాదు మేడం, పాత డైరీలు మాత్రం ఉన్నాయి" అన్నారు. ఆ మాటను పట్టుకొనే ఈ రోజు మాట్లాడదలచాను. మన బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం ప్రాంతాలలో తెలుగులో చదువుకొని, తెలుగులోనే దినచర్య వ్రాసుకొన్న వారి పుస్తకాలు నేటికీ పెట్టెలలో, అటకల మీద ఉన్నాయి. ఆ ఇళ్ళలోని పిల్లలలో ఎక్కువమంది ఇప్పుడు కన్నడమో, ఇంగ్లీషో మాధ్యమంగా చదువుతున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, కాని చేవ్రాతలో ఉన్న రెండు వందల పుటల తెలుగు వారు చదవరు. చదవనివి ఏనాడో ఒకనాడు గుజరీ అంగడికి తూకానికి పోతాయి. పుట నుండి పది పదిహేను మాటలు ఏరి ఇస్తే మాత్రం కూడబలుక్కొనైనా చదువుతారు. ఇది నేను మా పిల్లలలో చూచిన విషయం.

తన పాత దినచర్య పుటలో కొన్ని మాటలను మాత్రం నిలిపి, తక్కినవి కప్పివేసి, నిలిచిన మాటలతో కవిత కట్టడమే నేను చెప్పబోయే పద్ధతి. ఇందులో రెండు దారులున్నాయి. మాటలను కత్తిరించి, తీసి, ఇష్టమైన వరుసలో అతికించడం ఒకటి. ఏ మాటను కదల్చకుండా, ఉన్నచోటనే ఉంచి, చుట్టూ ఉన్నవాటిని చెరిపివేయడం రెండవది. మొదటిదానికి ప్రసిద్ధమైన ఉదాహరణ ట్రిస్టన్ జారా అనే రుమేనియా కవి 1920లో చెప్పిన కిటుకు. వార్తాపత్రికలోని మాటలు కత్తిరించి, సంచిలో వేసి, కులికి, ఒక్కొక్కటే తీసి వ్రాయమన్నాడు. రెండవదానికి ఇంగ్లండు చిత్రకారుడు టామ్ ఫిలిప్స్ చేసిన పని గొప్ప నిదర్శనం. 1966లో ఆయన మూడు పెన్నీలకు ఒక పాత నవల కొన్నాడు. అది 1892 నాటిది, ఎవరూ తలచుకోని నవల. దాని ప్రతి పుటనూ చిత్రాలతో కప్పుతూ, అక్కడక్కడ కొన్ని మాటలను మాత్రం తెరిచి ఉంచాడు. ఆ పనిని మార్చి మార్చి చేస్తూ, చివరి ప్రతిని 2016లో వెలువరించాడు. యాభై ఏళ్ళు ఒకే పుస్తకం మీద!

మన అలంకారశాస్త్రానికి కూడా ఈ ఆట కొత్త కాదు. ఒక అక్షరమో, మాత్రయో, బిందువో తొలగిస్తే పద్యానికి వేరొక అర్థం వచ్చే చ్యుతకాలను మన పండితులు చేశారు. పెద్ద వృత్తంలో కొన్ని అక్షరాలు ఏరితే లోపల మరొక చిన్న పద్యం బయటపడే గర్భకవిత్వం ఉండనే ఉన్నది. అయితే అక్కడ లోపలి పద్యాన్ని కవియే ముందుగా దాచి ఉంచుతాడు. దినచర్యలో ఎవరూ ఏదీ దాచి ఉంచలేదు. వ్రాసిన మనిషికే తెలియకుండా ఏమైనా దాగినదా అని వెదకడం ఇక్కడి పని. రెండు దారులలో నాకు రెండవదే నచ్చుతుంది. మాటలను ఇష్టం వచ్చినట్లు తిప్పి పేర్చుకొనే వీలుంటే ఏ పుట నుండైనా ఏదో ఒకటి చెప్పించవచ్చు. వరుస మారకూడదన్న కట్టుబాటు ఉన్నప్పుడే ఆ పుట మనకు లొంగక తన మాట తాను చెబుతుంది.

ముందుగా పుటను ఎంచుకోవడం గురించి. మనసు పొంగి వ్రాసిన పుటలను వదిలివేయండి. "ఈ రోజు నా హృదయం బరువెక్కింది" అని ఉన్న పుటలో చెప్పవలసినది అప్పటికే చెప్పబడింది, ఏరడానికి ఏమీ ఉండదు. ఖర్చులు, వంట, బస్సు, వాన, పరీక్ష ఉన్న సాదా పుట మంచిది. అరవై నుండి వంద మాటలున్నది చాలు. పది ఏళ్ళయినా పాతబడినదైతే, వ్రాసిన మనిషిని కొంచెం పరాయి మనిషిగా చూడగలుగుతాము.

అసలు పుటను కత్తిరించకండి. నోటుపుస్తకంలో రెండు వైపులా వ్రాస్తాము కనుక ఒక వైపు మాటను కోస్తే వెనుక వైపు మరొక రోజు తెగిపోతుంది. జిరాక్సు తీయించండి. నీలిసిరా వెలిసి ఉంటే యంత్రంలో నలుపు పెంచమనండి. ఏ4 కాగితాన్ని ఏ3 పరిమాణానికి పెంచితే అక్షరాలు దాదాపు ఒకటిన్నర రెట్లు పెద్దవై చేతికి అందుతాయి. మూడు ప్రతులు కావాలి. ఒకటి పెన్సిలుతో గుర్తులు పెట్టడానికి, ఒకటి కవిత చేయడానికి, ఒకటి ఏ గీతా లేకుండా పక్కన ఉంచడానికి. ఈ మూడవ ప్రతి ఎందుకో తరువాత చెబుతాను. కప్పడానికి స్కెచ్ పెన్ను వాడితే వెనుకకు ఊరి కాగితం ముడుచుకుంటుంది. మైదా జిగురు కూడా తడితో కాగితాన్ని ఉబ్బిస్తుంది. అన్నిటికంటే మేలైనది, కావలసిన మాటల చోట బ్లేడుతో చిన్న కిటికీలు కోసిన తెల్లని దళసరి కాగితాన్ని పుట మీద పరచడం. నచ్చకపోతే ఇంకొక కాగితం కోసుకోవచ్చు.

ఇప్పుడు ఒక పుటను మీ ముందే చేసి చూపుతాను. ఇది నాదే. 1987 మార్చిలో, పదవ తరగతి పరీక్షల రోజులలో వ్రాసినది. మా ఊరి నుండి చింతామణికి ఎద్దులతో రెండు గంటల నడక.

"ఈరోజు తెల్లవారకముందే నాయన లేచాడు. అమ్మ రాగి సంగటి కట్టి ఇచ్చింది. ఎద్దులు రెండింటినీ బావి దగ్గర కడిగాము. బావిలో నీళ్లు అడుగున మాత్రమే ఉన్నాయి, పది బిందెలకే బురద వచ్చింది. నాయన ఎద్దులను తోలుకొని చింతామణి సంతకు బయలుదేరాడు. నేను లెక్కల పుస్తకం తీసి ఏడవ అధ్యాయం చదివాను. మధ్యాహ్నం అవ్వ గాడిలో మిగిలిన సొప్పను పక్కింటివారికి ఇచ్చేసింది. సాయంత్రం నాయన పలుపులు మాత్రం చేతిలో పట్టుకొని వచ్చాడు. డబ్బు అమ్మకు ఇచ్చాడు. ఎవరూ ఏమీ అడగలేదు. రాత్రి చారు బాగుంది. త్వరగా పడుకున్నాను. రేపు లెక్కల పరీక్ష."

అరవై నాలుగు మాటలు. ఎద్దులను అమ్మిన రోజు ఇది. కాని పుటంతా వెదకండి, అమ్మడమన్న క్రియ ఎక్కడా లేదు. సంతకు బయలుదేరాడు, పలుపులతో వచ్చాడు, డబ్బు ఇచ్చాడు, అంతే. మా వైపు ఎద్దును అమ్మినా పలుపును ఇవ్వరు, ఇంటికి తెచ్చుకొంటారు. కనుక పలుపులు చేతిలో ఉన్నాయంటే ఏమి జరిగినదో మా ఊరివారెవరికైనా చదవగానే తెలుస్తుంది.

మొదట పుటను రెండుసార్లు పైకి చదవాలి. కంటితో చదివితే అర్థం వెంట పరుగెత్తుతాము, పైకి చదివితే మాట మాటగా వినబడుతుంది. తరువాత పెన్సిలుతో, నాలుక మీద నిలిచిన మాటలకు గుండ్రాలు చుట్టాలి. ఇక్కడే తెలుగుకు సంబంధించిన చిక్కు ఎదురవుతుంది. ఇంగ్లీషులో 'కు', 'లో' వంటివి విడి మాటలు గనుక కోయడం సులభం. మనకు విభక్తి ప్రత్యయాలు మాటకు అతుక్కొని ఉంటాయి. 'బావిలో' అన్నదానిలో 'లో' కోస్తే 'బావి' చక్కగా మిగులుతుంది. 'ఎద్దులను' అన్నదానిలో 'ను' కోస్తే 'ఎద్దులు' రాదు, 'ఎద్దుల' మిగులుతుంది. అది మరొక మాట కోసం చేయి చాచి నిలుచుంటుంది. ఒత్తులున్నచోట మరీ కష్టం. పై అక్షరాన్ని ఉంచి కింది ఒత్తును కప్పితే చేవ్రాతలో గుర్తుపట్టలేని బొమ్మ మిగులుతుంది.

అందుచేత నేను పిల్లలకు ఒక హద్దు పెట్టాను. మాటను ప్రత్యయం దగ్గర, లేదా రెండు మాటలు కలిసిన అతుకు దగ్గర కోయవచ్చు. అక్షరాలుగా కోయకూడదు. దేనినీ చేర్చకూడదు, దీర్ఘం కూడా. అక్షరాలుగా కోయనిస్తే అరవై మాటల పుటలో దాదాపు ఏ వాక్యాన్నైనా కూర్చవచ్చు. అప్పుడది ఆ పుట నుండి దొరికినది కాదు, మన తల నుండి వచ్చి ఆ పుట అక్షరాలను అరువు తెచ్చుకొన్నది.

రెండవ చిక్కు క్రియలది. తెలుగు వాక్యం క్రియతో ముగుస్తుంది కనుక దినచర్యలో ప్రతి వాక్యం చివర ఒక 'ఆడు', 'ఇంది', 'ఆను' కూర్చొని ఉంటుంది. నా పుటలో పదమూడు వాక్యాంత క్రియలున్నాయి. వాటిని ఉంచితే మిగిలేది కవిత కాదు, దినచర్యకు సంక్షిప్త రూపం. పిల్లలు మొదటిసారి చేసినప్పుడు తప్పక జరిగేది ఇదే. "నాయన లేచాడు, సంతకు బయలుదేరాడు, సాయంత్రం వచ్చాడు" అని తెస్తారు. చదివి చూడండి, అసలు పుట కంటే తక్కువ చెబుతుందే కాని వేరుగా ఏమీ చెప్పదు. క్రియలను మూడింట రెండు వంతులకు పైగా కప్పివేస్తేనే నామవాచకాలకు ఊపిరి ఆడుతుంది. ఉంచిన ఒకటి రెండు క్రియలకు బరువు వస్తుంది.

నా పెన్సిలు మొదట పలుపుల దగ్గర ఆగింది. మొదటి చిత్తు ఇలా వచ్చింది:

నీళ్లు
అడుగున
నాయన
పలుపులు
చేతిలో
ఎవరూ
అడగలేదు

ఇందులో తప్పు పట్టవలసినది లేదు. కాని పుటలో ఉన్నదే ఉన్నది. పుట చదివినవారికి ఇది కొత్తగా ఇచ్చేదేమిటి? అందుకని గుండ్రాలు చెరిపి, పుటను మరునాటికి ఉంచాను. ఇది ముఖ్యం. ఒకే కూర్పులో ముగిస్తే అర్థం తెలిసిన మాటలే కనబడుతూ ఉంటాయి. ఒక రాత్రి గడిచాక మాట తన వాక్యం నుండి విడివడి కనబడుతుంది. మరునాడు పైకి చదువుతూ "డబ్బు అమ్మకు ఇచ్చాడు" అన్న వాక్యం దగ్గర ఆగాను. 'అమ్మకు.' దానిని ఒంటరిగా పలికి చూడండి. అమ్మకు ఇవ్వడమన్న విభక్తి రూపం ఒకటి. అమ్మవద్దు అనే నిషేధం మరొకటి! పుటలో ఎక్కడా లేని ఆ క్రియ తల్లి అన్న మాట లోపల కూర్చొని ఉన్నది. అప్పుడు పుట ఇలా మారింది:

తెల్లవారకముందే
ఎద్దులు రెండింటినీ
కడిగాము

నీళ్లు
అడుగున

నాయన
ఎద్దులను


అమ్మకు

ఎవరూ
అడగలేదు

రేపు
లెక్కల
పరీక్ష

పద్నాలుగు మాటలు నిలిచాయి, యాభై మాటలు కప్పబడ్డాయి. వరుస ఎక్కడా మారలేదు. 'నాయన' అన్నది సంబోధన అయితే 'నాయనా' అని దీర్ఘం ఉండాలి, కాని చేర్చకూడదన్నది మన హద్దు. దీర్ఘం లేనందువల్ల ఆ మూడు మాటలను రెండు విధాల చదవవచ్చు. నాయనను వేడుకొంటున్నట్లు ఒకటి. నాయన ఎద్దులను అమ్మవద్దని మరెవరితోనో అంటున్నట్లు రెండవది. ఆ సందిగ్ధం నాకు ఇష్టమే. 'ఎద్దులను' అన్న మాటకు, 'అమ్మకు' అన్న మాటకు మధ్య పుటలో నాలుగు వాక్యాల దూరం ఉన్నది. కిటికీ కాగితం వేసినప్పుడు ఆ దూరమంతా తెల్లగా కనబడుతుంది. ఆ తెలుపులోనే మధ్యాహ్నం ఉన్నది, అవ్వ ఖాళీ చేసిన గాడి ఉన్నది. అచ్చులో దగ్గరగా పేరిస్తే ఈ కవిత సగం పోతుంది. సంచిక ముద్రించేవారు దయచేసి ఖాళీలను తగ్గించవద్దు.

'లెక్కల పరీక్ష' గురించి ఒక మాట. ఆ రోజు నేను వ్రాసింది గణితం గురించే. ఎద్దులు పోయిన ఇంటిలో, డబ్బు చేతులు మారిన రాత్రి తరువాత, లెక్కలు అన్న మాట తానే రెండవ అర్థం తెచ్చుకొన్నది. దానికి నేను చేసిన పని చుట్టూ ఉన్నవాటిని కప్పడమే.

పలుపులను వదులుకోవలసి వచ్చింది. అవి 'ఎద్దులను', 'అమ్మకు' అన్న రెండు మాటల మధ్య వస్తాయి. ఉంచితే ఆ వాక్యం తెగిపోతుంది. పుటలో అన్నిటికంటే మంచి మాటను కప్పవలసి రావడం ఈ పనిలో తరచు జరుగుతుంది. కష్టంగానే ఉంటుంది, కాని చెరిపివేతలో ఒక పుట ఒకసారికి ఒక కవితనే ఇస్తుంది. పలుపుల కవితకు ఇంకొక కిటికీ కాగితం కోసుకోవాలి.

ఇంకొక ప్రలోభం కూడా ఉన్నది. 'ఏడవ అధ్యాయం' లోని 'ఏడవ', 'అడగలేదు' చివరి 'లేదు'. అతుకు దగ్గర కోయవచ్చన్న హద్దులోనే "నేను ఏడవ లేదు" అని పుట చెప్పేస్తుంది. చూపించగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను దానిని కప్పివేశాను. ఒక శ్లేష పక్కన మరొక శ్లేష ఉంటే రెండూ చమత్కారాలుగానే మిగులుతాయన్నది ఒక కారణం. అసలు కారణం వేరు. ఆ రోజు నేను ఏడ్చానో లేదో నాకు జ్ఞాపకం లేదు. పుట కూడా చెప్పదు. నాకు తెలియని దానికి నా చేవ్రాతను సాక్ష్యంగా నిలబెట్టడం నాకు సమ్మతం కాలేదు. మరి 'అమ్మకు' మాత్రం ఎవరన్నారని అడగవచ్చు. ఎవరూ అనలేదు. అనలేదన్న సంగతి పుటలోనే ఉన్నది: ఎవరూ ఏమీ అడగలేదు. ఆ ఇంట్లో పలకని మాట అదేనని నేను నమ్ముతున్నాను, అందుకే నిలిపాను. మరొకరు మరొక విధంగా నిర్ణయించవచ్చు.

మూడవ ప్రతి ఇందుకే కావాలన్నాను. చెరిపివేత పుట చేత అది చెప్పని మాటలు చెప్పించగలదు. అందుచేత కవిత పక్కన ఏ గీతా లేని పుట తప్పక ఉండాలి. చదివేవారు అటూ ఇటూ చూచి, ఏది దొరికినదో, ఏది చేసినదో తామే తేల్చుకొంటారు.

మన పూర్వ విద్యార్థిని ఒకామె పంపిన పుట విషయంలో ఈ అవసరం మరింత స్పష్టమైనది. ఆమె ఇంట్లో పట్టుపురుగులు పెంచేవారు. పురుగుల లెక్క, ఇంటి సంగతులు ఒకే పుస్తకంలో వ్రాసుకొన్నది. మన ప్రాంతంలో పురుగు మేత మాని, పొర విడిచే ముందు కదలక ఉండే దశను జ్వరమంటాము. గూడు కట్టేముందు నాలుగు జ్వరాలు వస్తాయి. నాలుగవ జ్వరం లేచి, మేత ముగించి పండిన పురుగులను గూడు కట్టడానికి వెదురు చంద్రికలకు ఎక్కిస్తాము. అదే వారంలో ఆమె పసిబిడ్డకు ఒళ్ళు కాగినదని పుటలో మరొక వరుస ఉన్నది. ఆమె నిలిపిన మాటలు నాలుగే:

పాపకు
నాలుగో
జ్వరం
చంద్రికలకు

శిడ్లఘట్ట వైపు వారెవరైనా దీనిని చదివితే గుండె ఒక్క క్షణం ఆగుతుంది. పట్టణంలో పెరిగినవారికి జ్వరమంటే జ్వరమే, చంద్రికలంటే వెన్నెలలే. వారికి ఇందులో ఏ మాట ఎక్కడి నుండి ఎక్కడికి వచ్చినదో కనబడదు. పక్కన పుట ఉంటే కనబడుతుంది. బిడ్డ కోలుకొన్న సంగతి కూడా ఆ పుట అడుగున ఉన్నది. ఆమె దానిని కప్పివేసింది. నేనైతే ఉంచేదానిని. కాని పుట ఆమెది.

పిల్లలతో చేయించిన అనుభవంలో పదే పదే కనిపించిన లోపం ఒకటున్నది. ఆకాశం, కల, మనసు, వెన్నెల వంటి మాటలు కనబడితే చాలు, వాటినే ఏరుతారు. కవిత్వమంటే ఆ మాటలేనని వారికెవరో చెప్పి ఉంటారు, బహుశా మేమే చెప్పి ఉంటాము. దానిని గుర్తించడానికి నేనొక పరీక్ష పెట్టాను. కవితలను కలిపివేసి, ఏది ఎవరి పుట నుండి వచ్చినదో తరగతిని చెప్పమంటాను. గాడి, బిందె, బురద ఉన్నవాటిని వెంటనే పోల్చుకొంటారు. మనసు, కల ఉన్నవాటిని ఎవరూ పోల్చుకోలేరు, కొన్నిసార్లు చేసినవారే తమదానిని గుర్తుపట్టరు.

మన దినచర్యలలో కన్నడ మాటలు కలిసే ఉంటాయి. వాటిని చూచి కొందరు సిగ్గుపడి కప్పివేస్తున్నారు. అలా చేయనక్కరలేదు. తెలుగులోనూ కన్నడంలోనూ పాడిన కైవారం నారాయణప్ప తాతయ్య పుట్టిన తాలూకా మనది. మాట బరువుగా ఉంటే నిలపండి, తేలికగా ఉంటే కప్పండి, ఏ భాషదని చూడకండి.

ఇక ఇతరుల పేర్లు. దినచర్యలో మనం ఒక్కరమే ఉండము. అప్పు ఇచ్చినవారు, పెండ్లి తప్పినవారు, మాట పడినవారు, ఇప్పటికీ అదే వీధిలో ఉన్నవారు ఉంటారు. కవితలో పేరు లేకపోయినా, పక్కన వేసే పూర్తి పుటలో ఉంటుంది. కనుక పంపే ముందు జిరాక్సు ప్రతిలో ఆ పేర్ల మీద తెల్ల కాగితపు ముక్క అతికించి, మరల జిరాక్సు తీయించి పంపండి. అతికించిన ప్రతినే పంపితే వెలుతురుకు పట్టి చదవవచ్చు. తల్లిదండ్రులు చనిపోయి ఉంటే వారి దినచర్యను కోయవచ్చునా అని ఇద్దరు అడిగారు. ఈసారికి వద్దన్నాను. తన పుటలో ఏది కప్పాలో నిర్ణయించే అధికారం వ్రాసినవారికి ఉన్నది. మరొకరి పుటలో అది మనకు ఎంతవరకు ఉన్నదో నేనింకా తేల్చుకోలేదు.

సంచికలో ఎడమ వైపు పుట, కుడి వైపు కవిత వేయాలని సంపాదకవర్గం అంగీకరించింది. పుటను అచ్చు అక్షరాలలోకి మార్చరు, మీ చేవ్రాతనే ఛాయాచిత్రంగా వేస్తారు. అందుచేత జిరాక్సు నల్లగా, నిటారుగా ఉండేటట్లు చూడండి. బ్లేడులు, దళసరి కాగితాలు తెలుగు గదిలో బల్ల మీద ఉంచాము. పెన్సిళ్ళు మాత్రం ఎవరివి వారు తెచ్చుకోవాలి.